ఒకే జవాబు, అయిదు ఫోటోలు: దిద్దే ముందు పేజీలను వరుసలో పెట్టడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడిలో ట్యూషన్ చెప్పేవాళ్ళకి సాయంత్రం వాట్సాప్ తెరిస్తే కనిపించేది ఇదే. ప్లస్ టూ పిల్లలు లెక్క చేసి ఫోటోలు తీసి పంపేస్తారు. ఇటు కాశీనగర్ నుంచి ఒకరు, అటు ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి ఒకరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, జవాబు రాసేది ఇంగ్లీషులో. రెండు మార్కుల లెక్క అయితే ఒక్క ఫోటోతో పోతుంది, గొడవ లేదు. పెద్ద జవాబు వచ్చిందంటే నాలుగైదు ఫోటోలు ఉంటాయి, ఏది ముందో ఏది వెనకో ఎక్కడా రాసి ఉండదు, ఒకటి తలకిందులుగా ఉంటుంది, మధ్యలో ఒక రఫ్ కాగితం కూడా వచ్చేస్తుంది. బోర్డు పరీక్షలో ఈ బాధ లేదు, అక్కడ జవాబు పుస్తకం కుట్టి ఉంటుంది కాబట్టి పేజీ ఎటూ పోదు. ఫోటోకి కుట్టు లేదు. ఆ కుట్టేదో మనమే వేసుకోవాలి, అదీ ఎర్ర పెన్ను పట్టుకోకముందే.

మొదలుపెట్టే ముందు ఒక మాట, ఎందుకంటే కింద చెప్పేదంతా దీని మీదే నడుస్తుంది. పేజీల వరుసను కాగితం చెప్పాలి, మీ బుర్రలో ఉన్న సరైన జవాబు చెప్పకూడదు. లెక్క ఎలా నడవాలో మీకు ముందే తెలుసు కదా, అందుకని చెయ్యి దానంతట అదే పేజీలను ఆ సరైన నడకలోకి సర్దేస్తుంది. అలా సర్దితే విద్యార్థి తప్పు నడక నడిచినా మీకు కనపడదు, లేదా వాడు సరిగ్గానే చేసినదాన్ని మీరు తప్పు చేసేస్తారు. రెండోది ఎలా జరుగుతుందో కింద ఒక లెక్క పూర్తిగా విప్పి చూపిస్తాను.

ముందుగా చాట్ నుంచి బయటికి తీయండి

చాట్‌లో ఒక్కో ఫోటో వేలితో జరుపుకుంటూ దిద్దడం మానేయండి. అన్నీ సేవ్ చేసి, ఆ పిల్లవాడి పేరుతో ఒక ఫోల్డర్‌లో వేసి, వాటికి తాత్కాలికంగా క, ఖ, గ, ఘ, ఙ అని పేర్లు పెట్టండి. 1, 2, 3 అని మాత్రం ఇప్పుడే పెట్టొద్దు. ఒకసారి అంకె వేశాక అదే వరుస అనిపించడం మొదలవుతుంది, తర్వాత ఎదురు సాక్ష్యం కనపడినా మనసు ఒప్పుకోదు.

ఫోటోలు వచ్చిన వరుసను ఎందుకు నమ్మకూడదో కూడా చెప్తాను, ఇది చాలామంది గమనించరు. చాలా ఫోన్ల గ్యాలరీలో ఆఖరున తీసిన ఫోటో ముందు కనిపిస్తుంది. వాట్సాప్‌లో మనం నొక్కిన వరుసలోనే ఫోటోలు వెళ్తాయి. పిల్లవాడు ఎడమ పక్క మొదటి ఫోటో నుంచి టకటకా నొక్కుకుంటూ పోతే ఆఖరి పేజీ ముందు, మొదటి పేజీ ఆఖరున మీకు చేరుతుంది. అంటే వచ్చిన వరుస తప్పు అవడమే కాదు, చాలాసార్లు సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఇది ఒక రకంగా మంచిదే, మిగతా ఏ ఆధారమూ లేనప్పుడు ముందు తిరగేసి చూడండి.

ఇక ఫైలు పేరు. ఆండ్రాయిడ్‌లో `IMG-20250112-WA0007.jpg` లాంటి పేరు కనపడితే ఆ 0007 పేజీ నంబరు కాదు, తీసిన సమయమూ కాదు. ఆ రోజు వాట్సాప్ ద్వారా ఫోన్‌లో చేరిన ఫోటోల వరుస నంబరు అది. అంటే చాట్‌లో ఉన్న వరుసే ఇంకో వేషంలో ఉంది, కొత్త సాక్ష్యం ఏమీ కాదు. ఫోటోగా పంపినప్పుడు తీసిన సమయం వివరాలు కూడా పోతాయి. అదే డాక్యుమెంట్‌గా పంపమంటే అసలు ఫైలు అలాగే వస్తుంది, చాలా ఫోన్లలో పేరు `IMG_20250112_183045.jpg` లాంటిది ఉంటుంది, సాయంత్రం ఆరున్నర దాటాక తీశాడని అందులోనే తెలుస్తుంది. అయినా సరే, తీసిన సమయం అంటే రాసిన వరుస కాదు. మసకగా వచ్చిందని రెండో పేజీని ఆఖరున మళ్లీ తీసి ఉండొచ్చు. దాన్ని ఒక గుర్తుగా తీసుకోండి, తీర్పుగా కాదు.

పేజీ మీద ఉన్న అంకెలు

పైమూల నంబరు వేసి ఉంటే సగం పని అయిపోయినట్టే. మన వైపు మాత్రం ఒక చిక్కు ఉంది. ఒడియా మీడియంలో చదివి వచ్చిన పిల్లలు అలవాటుగా పేజీ నంబరు ఒడియా అంకెల్లో వేస్తారు. ఒడియా రెండు చూడటానికి మనం రాసే 9 లాగా ఉంటుంది, ఒడియా నాలుగు తల కాస్త విప్పుకున్న 8 లాగా ఉంటుంది. పర్లాకిమిడిలో పెరిగినవాళ్ళకి ఇది ఇబ్బంది కాదు. పాతపట్నం నుంచో టెక్కలి నుంచో వచ్చి ఇక్కడి పిల్లల పేపర్లు దిద్దేవాళ్ళకి మాత్రం నాలుగు పేజీల జవాబులో 9, 8 ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం కాదు, మధ్య పేజీలు ఏవో రాలేదేమో అని టెన్షన్ పడతారు.

నంబరు ఉన్నా సరే, అది జవాబు పేజీ నంబరా, నోటుబుక్కు పేజీ నంబరా, ప్రశ్న నంబరా చూసుకోండి. ఒక పేజీ మీద 7, మరో పేజీ మీద 7 ఉంటే అది ఏడో ప్రశ్న అని. ఫోటో పంపే ముందు గబగబా వేసిన నంబర్లు కూడా ఉంటాయి, అవి జవాబు రాసిన పెన్నుతో కాకుండా వేరే పెన్నుతో ఉంటాయి. అలాంటి వాటిని కింద చెప్పే అతుకు పరీక్షతో ఒకసారి సరిచూసుకుంటే మంచిది.

అతుకు చూడటం

అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది ఇదే. మొత్తం పేజీ చదవొద్దు. ప్రతి ఫోటోలోనూ పైన రెండు పంక్తులు, కింద రెండు పంక్తులు మాత్రమే చదవండి. ముందు తల దొరుకుతుంది: ప్రశ్న నంబరు, ఇచ్చిన దత్తాంశం, లేదా ఒక బొమ్మ ఉన్న పేజీ. తర్వాత తోక దొరుకుతుంది: డబ్బా గీసిన సమాధానం, లేదా "అని నిరూపించబడింది" లాంటి ముగింపు. తోకలు రెండు కనపడ్డాయంటే ఆగండి, అక్కడ రెండు ప్రయత్నాలు ఉన్నాయని అర్థం. తోక అసలు లేకపోతే ఆఖరి పేజీ రాలేదు, లేదా పిల్లవాడు లెక్క ముగించలేదు.

మధ్య పేజీలకి వచ్చేసరికి, ఒక పేజీ కింద సగంలో ఆగిన పంక్తి ఏ పేజీ పైన కొనసాగుతోందో వెతకాలి. పేజీ "=" గుర్తుతో మొదలైతే దాని ఎడమ పక్కది పై పేజీ కింద ఉండాలి. ఒక అంకె అటు నుంచి ఇటు దాటి రావాలి. సమీకరణాలకి (1), (2), (3) అని నంబర్లు వేసే అలవాటున్న పిల్లలయితే పండగే. (2) పుట్టిన పేజీ కంటే "(2) నుంచి" అని రాసిన పేజీ వెనక రావాలి. అలాగే "x అనేది వెడల్పు అనుకుందాం" అన్న పేజీ, x వాడిన పేజీ కంటే ముందు ఉండాలి.

ఇక్కడే జాగ్రత్త పడాలి. "వెనక రావాలి" అన్నది చాలావరకు నిజమే కానీ ఖాయం కాదు. పిల్లవాడు (3)ని నిరూపించకుండానే వాడేసి, తర్వాతి పేజీలో "ఇప్పుడు (3)ని చూపిద్దాం" అని మొదలుపెట్టి, అక్కడ మళ్లీ మొదటి ఫలితాన్నే వాడి ఉండొచ్చు. అది చక్రంలా తిరిగే నిరూపణ, అది తప్పు. మీరు ఆ రెండు పేజీలు అటూ ఇటూ మార్చేస్తే పైపైన చూడటానికి చక్కటి నిరూపణలా కనపడుతుంది, మార్కులు వేసేస్తారు. అందుకే అర్థం చూసి పెట్టిన వరుసకి కాగితం సాక్ష్యం కూడా తోడు ఉండాలి.

కాగితం ఏం చెబుతోంది

నోటుబుక్కులో రాసినదయితే ఫోటోలో ఒక అంచు వైపు కాగితం వంగి, నీడ పడి ఉంటుంది. అది కుట్టు వైపు. నీడ ఎడమ వైపు ఉంటే అది కుడిచేతి పేజీ, కుడి వైపు ఉంటే ఎడమచేతి పేజీ. పుస్తకంలో వరసగా రాసుకుంటూ పోతే కుడి, ఎడమ, కుడి, ఎడమ అని మారుతూ రావాలి. రెండు కుడి పేజీలు పక్కపక్కన పడ్డాయంటే మధ్యలో ఒకటి రాలేదు, లేదా ఆ పిల్లవాడికి కాగితానికి ఒక పక్కే రాసే అలవాటు ఉంది. ఏదన్నది మిగతా పేజీలు చూస్తే తెలిసిపోతుంది, అన్నీ కుడి పేజీలే అయితే అలవాటు అన్నమాట.

కుట్టు వైపు అంచులో ఇంకో మంచి సాక్ష్యం దొరుకుతుంది. పిల్లలు ఫోటోని సరిగ్గా కత్తిరించరు, అదే మనకి లాభం. ఎడమ పేజీ ఫోటోలో కుడి అంచున ఎదురు పేజీ మొదటి అక్షరాలు వేలెడు మేర కనపడుతూ ఉంటాయి. ఆ ముక్కని పెద్దది చేసి చూసి, ఏ పేజీ పంక్తుల మొదళ్ళతో సరిపోతుందో చూస్తే ఇక వాదన లేదు. పిల్లలకి కత్తిరించకుండా పంపమనే చెప్పండి, స్కానర్ యాప్‌లు అంచులు శుభ్రంగా కోసేసి ఈ సాక్ష్యాన్ని కూడా కోసేస్తాయి.

విడి కాగితాల మీద రాస్తే కుట్టు ఉండదు కాబట్టి, అవతలి వైపు నుంచి ఊరిన సిరా చూడండి. పల్చటి కాగితం మీద జెల్ పెన్నుతో రాస్తే వెనక రాసింది అద్దంలో చూసినట్టు లీలగా కనపడుతుంది. ఫోన్‌లోనే ఎడిట్‌లోకి వెళ్ళి ఫోటోని ఎడమ కుడి తారుమారయ్యేలా ఫ్లిప్ చేస్తే ఆ నీడ అక్షరాలు చదవడానికి వస్తాయి. ఒక డబ్బా, ఒక కొట్టివేత, ఒక పెద్ద భిన్నం దొరికితే చాలు, ఆ కాగితానికి రెండో వైపు ఏదో తేలిపోతుంది. పెన్ను రంగు మారిన చోటు కూడా గుర్తుపెట్టుకోండి. నీలం రంగుతో మొదలై నలుపులోకి వెళ్ళిన జవాబులో నలుపు పేజీలు వెనకవి, నీలం పేజీలో మధ్యలో కనపడే ఒక్క నల్ల గీత తర్వాత వచ్చి దిద్దినది.

ఒక లెక్క విప్పి చూద్దాం

ఒక అమ్మాయి మాత్రికల పద్ధతిలో మూడు సమీకరణాలు సాధించి అయిదు ఫోటోలు పంపింది అనుకోండి. లెక్క ఇది:

```
x + y + z  = 6
x - y + 2z = 5
2x + y - z = 1
```

వచ్చిన వరుసలో క, ఖ, గ, ఘ, ఙ అని పేర్లు పెట్టాం. పైన కింద రెండేసి పంక్తులు చదివితే కనపడేది ఇలా ఉంది.

"క" పైన C₂₃ = +1 అని ఒక్క పంక్తి, దాని కింద adj A మాత్రిక, కింద x = 1, y = 2, z = 3, డబ్బా. "ఖ" నేరుగా మాత్రిక బ్రాకెట్‌తో మొదలవుతుంది, కింద z = 11/7, అదీ డబ్బాలోనే, దాని పక్కన సరిచూసే పంక్తి ఒకటి, 6 రావడం లేదని ఒక ప్రశ్నార్థకం. "గ" రఫ్ కాగితం. "ఘ" C₂₁ నుంచి C₃₃ దాకా సహగుణకాలు, ఆఖరి పంక్తిలో "adj A =" అని రాసి ఆగిపోయింది. "ఙ" ప్రశ్న, AX = B, నిర్ధారకం |A| = 7, మొదటి అడ్డు వరుస సహగుణకాలు −1, 5, 3.

తల ఙ, అందులో అనుమానం లేదు. ఙ తర్వాత ఘ, సహగుణకాలు అక్కడి నుంచే కొనసాగాయి. ఇక్కడిదాకా వచ్చిన వరుసను తిరగేస్తే సరిపోయింది. తోకలు మాత్రం రెండు ఉన్నాయి, క ఒకటి, ఖ ఒకటి. ఘ కింద "adj A =" అని ఆగింది కదా, దాని వెనక ఖ అతుకుతుంది, కాస్త పక్కకి చూస్తే క కూడా అతుకుతుంది. రెండింట్లోనూ మొదట మాత్రికే ఉంది, పైగా మొదటి నిలువు వరుస రెండింట్లోనూ −1, 5, 3 ఒకటే.

ఇప్పుడు అర్థం చూసి సర్దే మనిషి ఏం చేస్తాడంటే, ఘ పేజీలో C₂₃ ఎంత రాసిందో చూస్తాడు. అక్కడ +1 ఉంది. సరైనదీ +1 నే, రెండో అడ్డు వరుస మూడో నిలువు వరుస కాబట్టి గుర్తు మారాలి, లోపలి నిర్ధారకం 1 × 1 − 1 × 2 = −1, గుర్తు మార్చితే +1. క పేజీలో కూడా +1 వాడింది. ఖ పేజీ మాత్రికలో ఆ చోట −1 ఉంది. కాబట్టి ఙ, ఘ, క ఒక దారి, అది సరిగ్గా ఉంది, ఖ దేనికీ అతకడం లేదు, అంటే మొత్తం అయిపోయాక ఏదో అనుమానం వచ్చి మళ్లీ చేసి చెడగొట్టుకుంది అని తేల్చేస్తాడు. ఆఖరి జవాబు 11/7 అని మార్కు కోసేస్తాడు, "సరైన జవాబు వచ్చాక ఎందుకు మార్చావమ్మా" అని రాస్తాడు కూడా. చదవడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. మొత్తం తప్పు.

కాగితాన్ని అడిగితే వేరే కథ చెబుతుంది. ఘ ఎడమచేతి పేజీ, దాని కుడి అంచున ఎదురు పేజీ ముక్క కనపడుతోంది, ఆ ముక్క బ్రాకెట్‌తో, −1 తో మొదలైంది, పైన C అక్షరం ఎక్కడా లేదు. క అయితే C₂₃ అన్న పంక్తితో మొదలవ్వాలి కాబట్టి ఆ ఎదురు పేజీ ఖ. తర్వాత క ఫోటోని ఫ్లిప్ చేసి చూస్తే వెనక నుంచి ఊరిన 11/7, దాని చుట్టూ డబ్బా. అంటే క రాసింది ఖ ఉన్న కాగితానికి రెండో వైపు. ఙ, ఖ కుడి పేజీలు, ఘ, క ఎడమ పేజీలు. ఙ, ఘ, ఖ, క అంటే కుడి, ఎడమ, కుడి, ఎడమ, ఎక్కడా తేడా లేదు.

మరి ఘలో +1 ఎలా ఉంది? పెద్దది చేసి చూడండి. పేజీ అంతా నీలం, ఆ ప్లస్ గుర్తులో అడ్డగీత నీలం, నిలువు గీత నలుపు. ముందు −1 రాసింది, తర్వాత నల్ల పెన్నుతో నిలువు గీత గీసి +1 చేసింది. క పేజీ మొత్తం నలుపే. రఫ్ కాగితం గ కూడా ఇదే చెబుతోంది, నీలంలో 18 − 5 − 2 = 11, దాని కింద నలుపులో 18 + 5 − 2 = 21. పదకొండు ముందు, ఇరవై ఒకటి వెనక. 21ని 7 తో భాగిస్తే 3.

జరిగింది ఇది: ఆ అమ్మాయి C₂₃ గుర్తు తప్పుగా వేసింది, 11/7 వచ్చింది, మొదటి సమీకరణంలో పెట్టి చూసుకుంది, 6 రాలేదు, వెనక్కి వెళ్ళి తప్పు ఎక్కడో పట్టుకుంది, ఘలో గుర్తు దిద్దింది, పేజీ తిప్పి మళ్లీ చేసింది. చేయవలసింది అదే కదా! పూర్తి మార్కులు వేయాలి. చెప్పవలసిన లోపం ఒక్కటే, ఖ పేజీని కొట్టేయకుండా డబ్బా అలాగే వదిలేసింది, పరీక్షలో అయితే దిద్దేవాళ్ళు ఏ డబ్బా లెక్కలోకి తీసుకోవాలో తెలియక తికమక పడతారు.

ఇందులో ఇంకొకటి గమనించండి. ఒక పేజీ ఒకే సమయంలో రాసినది కాకపోవచ్చు. ఘ స్థానం రెండోదే, కానీ దానిలో ఒక గీత నాలుగో పేజీతో పాటు పుట్టింది. పేజీని ఎక్కడ పెట్టాలో మొదట రాసినదాన్ని బట్టి చూడాలి, ఏం దిద్దాలో ఇప్పుడు పేజీ మీద ఉన్నదాన్ని బట్టి చూడాలి.

పేజీ రాలేదా, మెట్టు వదిలేశాడా

రెండు పేజీల మధ్య అతుకు కుదరకపోతే రెండే కారణాలు. మధ్యలో ఒక పేజీ రాలేదు, లేదా పిల్లవాడు మెట్టు ఎగిరేశాడు. మొదటిదానికి మార్కు కోయకూడదు, రెండోదానికి కోయాలి, అందుకని తేడా తెలియాలి. పై పేజీ చివరి పంక్తి దాకా నిండి, మాట సగంలో ఆగి, కింది పేజీ ఇంకో మాట సగంలో మొదలైతే పేజీ రాలేదు. పై పేజీ కింద నాలుగు వేళ్ళ ఖాళీ ఉండి, అక్కడ మాట పూర్తయి, కింది పేజీ తాజాగా మొదలైతే ఎగిరేశాడని అనుకోవచ్చు. కుడి ఎడమల వరుస తప్పిందేమో కూడా చూడండి. ఎక్కడా చెప్పని అంకె కింది పేజీలో వాడినట్టు కనపడితే పేజీ రాలేదన్న అనుమానం బలపడుతుంది, కానీ అది ఒక్కటే చాలదు, ఆ అంకె రఫ్ కాగితంలో పుట్టి ఉండొచ్చు.

రఫ్ కాగితాన్ని వరుసలో కలపొద్దు, పక్కన పెట్టండి, సాక్ష్యంగా వాడుకోండి. ఒకే పేజీ రెండుసార్లు వస్తే స్పష్టమైనది ఉంచి రెండోది తీసేయండి, తీసే ముందు ఒకసారి కింది అంచులు పోల్చండి, ఒకదానిలో ఆఖరి పంక్తి తెగిపోయి రెండోదానిలో ఉంటుంది. పైసగం ఒక ఫోటో, కిందిసగం ఒక ఫోటో తీస్తే మధ్యలో రెండు మూడు పంక్తులు రెండింట్లోనూ ఉండాలి. అలా లేకపోతే మధ్యది ఏదో పోయినట్టే లెక్క.

వరుస తేలాక

ఇప్పుడు అంకెలు వేయండి. 01, 02, 03 అని రెండంకెల్లో వేస్తే మంచిది, పది దాటిన జవాబు వచ్చినప్పుడు కొన్ని చోట్ల 1 పక్కన 10 వచ్చి కూర్చుంటుంది. మొత్తం ఒక పీడీఎఫ్ చేసుకుని, ఒకసారి మొదటి నుంచి చివరిదాకా పెన్ను ముట్టకుండా చదవండి. అప్పుడే దిద్దడం మొదలు. జవాబు తిరిగి పంపేటప్పుడు పైన ఒక పంక్తి రాయండి: "నేను చదివిన వరుస ఇది, ఖ పేజీ పాత ప్రయత్నంగా తీసుకున్నాను." మీ వరుస తప్పయితే ఆ పిల్లకి వెంటనే తెలుస్తుంది.

ఎంత చూసినా రెండు వరుసలు సమానంగా కుదిరే సందర్భాలు ఉంటాయి. అప్పుడు రెండు విధాలా దిద్ది చూడండి. మార్కులు రెండు విధాలా ఒకటే వస్తే ఇక ఆ గొడవ వదిలేయండి, ఏ వరుస అయినా ఒకటే. మార్కులు మారితే మాత్రం మీరే తేల్చేయొద్దు, అడగండి. అడిగే పద్ధతి కూడా ఉంది. "ఈ పేజీ తర్వాత ఇదే కదమ్మా" అంటే "అవును మాస్టారూ" అనేస్తారు, మనం ఏమడిగినా అదే మాట. అలా కాకుండా, "పుస్తకం మొత్తం విప్పి, రెండు పేజీలూ ఒకే ఫోటోలో కనపడేలా తీసి పంపు, తర్వాత ఆకు తిప్పి మళ్లీ అలాగే తీయి, ఏదీ కత్తిరించకు, డాక్యుమెంట్‌గా పంపు" అని చెప్పండి. విడి కాగితాలయితే అన్నీ నేల మీద తను రాసిన వరుసలో పరిచి ఒక్క ఫోటో తీయమనండి, అందులో చదవడానికి రాకపోయినా పరవాలేదు, ఏది దేని పక్కన ఉందో కనపడితే చాలు.